పన్నా తెలియందే మీటర్లు చెప్పకండి

కర్టెన్లకో సోఫాకో బట్ట కొనడానికి వెళ్తే దుకాణదారు మొదట అడిగేది 'ఎన్ని మీటర్లు కావాలి?' అని. ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లోనే సిద్ధం చేసుకుని వెళ్లేవాళ్లు తక్కువ. చాలామంది తలుపు పొడవు, వెడల్పు మాత్రమే చెప్పి మిగతాది ఆయన లెక్కకే వదిలేస్తారు. కొందరు కాగితం మీద వైశాల్యం కట్టుకొని వెళ్తారు. ఈ రెండో పద్ధతి చూడటానికి శాస్త్రీయంగానే ఉంటుంది గానీ, బట్ట చాలకుండా పోయేది ఎక్కువగా దీనివల్లనే.

వైశాల్యం లెక్క ఎందుకు తప్పుతుందంటే, తానులోని బట్ట పొడవు మన ఇష్టం, వెడల్పు మాత్రం కాదు. ఆ వెడల్పునే పన్నా అంటారు. మన దుకాణాల్లో కర్టెన్ బట్ట ఎక్కువగా 48 లేదా 54 అంగుళాల పన్నాలో, సోఫా బట్ట 54 అంగుళాల పన్నాలో దొరుకుతుంది. పల్చటి షీర్ బట్టల్లో 110 అంగుళాల పన్నా కూడా ఉంటుంది. కావలసిన ముక్క పన్నాలో ఇమడకపోతే అతుకు వేయాలి. ఇమిడాక పక్కన మిగిలిన పట్టీ ఇంకో ముక్కకు చాలకపోతే అది వృథా. కాబట్టి అసలు ప్రశ్న 'ఎంత బట్ట పడుతుంది?' అన్నది కాదు. 'ఈ పన్నాలో నా ముక్కలు ఎలా సర్దుకుంటాయి?' అన్నది. ఒకే హాల్లోని కర్టెన్, సోఫా తీసుకుని ఈ లెక్క మొదటి నుంచి చివరి దాకా చేసి చూద్దాం.

కర్టెన్: ముందు వెడల్పులు, తర్వాత పొడవు

బాల్కనీకి తెరుచుకునే గాజు తలుపు ఉందనుకోండి. దాని వెడల్పు 72 అంగుళాలు. వెలుతురు పక్కల నుంచి రాకుండా రాడ్డును రెండు వైపులా ఆరేసి అంగుళాలు బయటికి పొడిగిస్తే మొత్తం 84 అంగుళాలు. రాడ్డు నుంచి నేల దాకా కర్టెన్ వేలాడాల్సిన పొడవు 90 అంగుళాలు.

కర్టెన్ మూసినప్పుడు కూడా కుచ్చిళ్లు నిలబడాలంటే బట్ట వెడల్పు రాడ్డుకు రెట్టింపు దాకా ఉండాలి. అంటే 168 అంగుళాలు. ఇప్పుడు వైశాల్యం లెక్క వేసేవాళ్లు 168ని 90తో గుణించి, పన్నా 54తో భాగిస్తారు. 280 అంగుళాలు వస్తుంది, అంటే 7 మీటర్ల పైచిలుకు. ఆ ఏడు మీటర్లు కొని టైలరు దగ్గరికి వెళ్తే పని సగంలో ఆగుతుంది.

సరైన వరస ఇది. ముందు ఎన్ని వెడల్పులు కావాలో తేల్చాలి. 54 అంగుళాల బట్టకు రెండు పక్కల మడతలకు మూడు అంగుళాలు పోగా 51 మిగులుతుంది. అలాంటివి మూడు వేస్తే 153 అంగుళాలు, రాడ్డుకు 1.8 రెట్లు. నాలుగు వేస్తే 204, దాదాపు 2.4 రెట్లు. మూడున్నర వెడల్పులు కొనడం కుదరదు, ఇటో అటో తేల్చుకోవాలి. బరువైన బట్టకు 1.8 రెట్లు చాలు. పల్చటి కాటన్‌కు మాత్రం కుచ్చిళ్లు తేలిపోతాయి, కాబట్టి నాలుగు తీసుకుందాం.

తర్వాత ఒక్కో వెడల్పు పొడవు. వేలాడే 90 అంగుళాలకు పైన రింగులు దిగే మడతకు 5, కింద అంచు మడతకు 7 కలిపితే 102 అంగుళాలు. నాలుగు ముక్కలకు 408 అంగుళాలు. అంగుళాలను 39.4తో భాగిస్తే మీటర్లు వస్తాయి. ఇక్కడ 10.36 వస్తుంది, కాబట్టి పదిన్నర మీటర్లు కొనాలి. వైశాల్యం చెప్పిన ఏడుకీ, ఈ పదిన్నరకీ మధ్య తేడా మడతల్లోనూ, మూడుకు బదులు నాలుగు తీసుకోవడంలోనూ ఉంది.

ఇక్కడ కొనేవారికి పనికొచ్చే విషయం ఒకటుంది. ఇదే లెక్క 48 అంగుళాల పన్నాతో వేయండి. మడతలు పోగా 45, నాలుగు వేస్తే 180 అంగుళాలు, రాడ్డుకు రెండింతల కన్నా కాస్త ఎక్కువే. అంటే ఈ తలుపుకు 48 పన్నా బట్టయినా, 54 పన్నా బట్టయినా కొనాల్సిన మీటర్లు ఒక్కటే. పన్నా పెద్దదని మీటరుకు ఎక్కువ పెట్టడంలో లాభం లేదు. వెడల్పుల సంఖ్య తగ్గినప్పుడే పెద్ద పన్నా డబ్బు మిగులుస్తుంది.

నాలుగు వెడల్పులను రెండేసి చొప్పున అతికి ఇటొకటి, అటొకటి పెద్ద కర్టెన్లు కుట్టొచ్చు. అప్పుడు రెండు అతుకులు వస్తాయి. అలా కాక నాలుగింటినీ విడివిడిగా కుట్టి పక్కపక్కన వేలాడదీస్తే అతుకే ఉండదు. పక్క మడతలు కుచ్చిళ్ల లోపలికి పడేలా సర్దితే నాలుగు కర్టెన్లని తెలియదు కూడా. చీకటి బాగా కావాలనుకునే పడకగదికి మాత్రం అతికిన కర్టెన్లే నయం, విడి కర్టెన్ల సందుల్లోంచి వెలుతురు వస్తుంది. ఒకవేళ మూడు వెడల్పులే తీసుకుని, మూడోదాన్ని నిలువునా రెండుగా చీల్చి చెరో కర్టెన్‌కు కలపాల్సి వస్తే, ఆ సగం ముక్క గోడ వైపు ఉండాలి. మధ్యలోకి వస్తే రెండు కర్టెన్లు కలిసే చోటే అతుకు కంటికి కనబడుతుంది.

పువ్వు మళ్లీ వచ్చే దూరం

ఇప్పటి దాకా బట్ట సాదాదనుకున్నాం. పూలో తీగలో ఉన్న బట్టయితే ఇంకో కొలత కలుస్తుంది. డిజైన్ తాను పొడవునా కొంత దూరానికి మళ్లీ మొదటికి వస్తుంది. ఆ దూరాన్ని రిపీట్ అంటారు. నాలుగు కర్టెన్లలోనూ ఒకే ఎత్తులో ఒకే పువ్వు కనబడాలంటే ప్రతి ముక్కా డిజైన్‌లో ఒకే చోట మొదలవ్వాలి. అందుకు ఒక్కో ముక్క పొడవును పూర్తి రిపీట్ల లెక్కలోకి తేవాలి.

రిపీట్ 25 అంగుళాలు అనుకుందాం. మన ముక్క 102 అంగుళాలు. నాలుగు రిపీట్లంటే 100, రెండంగుళాలు చాలలేదు. ఐదు రిపీట్లకు వెళ్తే 125. అంటే ఆ రెండంగుళాల కోసం ప్రతి ముక్క తర్వాతా 23 అంగుళాల బట్ట వదిలేసి తర్వాతి ముక్క మొదలుపెట్టాలి. చివరి ముక్క తర్వాత వదలక్కర్లేదు కాబట్టి మొత్తం 477 అంగుళాలు, 12 మీటర్లు దాటింది.

ఇలాంటి చోట మడత వైపు చూడాలి. కింద మడతకు 7 అంగుళాలు వదిలాం. దాన్ని 5 చేస్తే ముక్క పొడవు సరిగ్గా 100 అంగుళాలకు దిగుతుంది, అంటే నాలుగు రిపీట్లు. మొత్తం 400 అంగుళాలు, పది మీటర్ల పైన కాస్త. రెండంగుళాల మడత తగ్గిస్తే దాదాపు రెండు మీటర్ల బట్ట మిగిలింది. అందుకే ముక్క పొడవు రిపీట్ల లెక్కను రెండు మూడు అంగుళాల్లో దాటుతుంటే ముందు మడత తగ్గించి చూడాలి, లేదా రాడ్డును అంత మేర కిందికి దించగలమేమో చూడాలి.

ఒక జాగ్రత్త. దుకాణంలో తాను ఎక్కడ కోసి ఉందో అక్కడి నుంచే కొలుస్తారు. అది పువ్వు మధ్యలో ఉండొచ్చు. మనకు కావలసిన చోటు నుంచి మొదలుపెట్టడానికి ఒక రిపీట్ దాకా పోవచ్చు. కాబట్టి 10.16కు మరో 0.64 కలిపి 11 మీటర్లు తీసుకోవడం క్షేమం.

బట్టను అడ్డంగా తిప్పితే

110 అంగుళాల పన్నా షీర్ బట్టకు ఇదే తలుపు లెక్క పూర్తిగా మారిపోతుంది. మనకు కావలసిన ముక్క పొడవు 102. పన్నా అంతకన్నా ఎక్కువ. అంటే బట్టను అడ్డంగా తిప్పి, పన్నానే కర్టెన్ ఎత్తుగా వాడుకోవచ్చు. అప్పుడు వెడల్పుల లెక్కే ఉండదు. 168 అంగుళాలకు రెండు కర్టెన్ల పక్క మడతలకు ఆరు కలిపి 174 అంగుళాలు, నాలుగున్నర మీటర్లు చాలు. అతుకు ఒక్కటీ లేదు. మీటరు ధర ఎక్కువ ఉన్నా, పదిన్నర మీటర్ల ఖరీదుతో నాలుగున్నర మీటర్ల ఖరీదును పోల్చి చూడాలి. మీటరు ధరను మీటరు ధరతో పోల్చడం ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

సోఫా విషయంలోనూ ఈ అడ్డంగా తిప్పడమే కీలకం.

సోఫా: ముక్కల పట్టీ

సోఫాకు రెట్టింపులూ కుచ్చిళ్లూ లేవు గానీ ముక్కలు ఎక్కువ. ప్రతి భాగాన్నీ దాని అత్యంత వెడల్పైన చోట, అత్యంత ఎత్తైన చోట కొలవాలి. కుట్టు పడే ప్రతి వైపూ ఒక్కో అంగుళం కలపాలి. సీటుకీ వీపుకీ మధ్య, సీటుకీ చేతులకీ మధ్య సందులోకి దూర్చి లాగి కొట్టే చోట నాలుగేసి అంగుళాలు కలపాలి. ఈ నాలుగు అంగుళాలు మర్చిపోతే పని మొదలయ్యాకే తెలుస్తుంది, అప్పుడు చేయగలిగింది ఉండదు.

ముగ్గురు కూర్చునే సోఫా, బయటి వెడల్పు 84 అంగుళాలు, చేతుల మధ్య 66 అంగుళాలు. సీటూ వీపూ విడి కుషన్లు కాక ఒక్కటే పరుపుగా ఉన్నాయి. కోత కొలతలు, వెడల్పు ముందు, ఎత్తు తర్వాత, ఇలా వస్తాయి:

- లోపలి వీపు: 74, 32
- సీటు: 74, 34
- బయటి వీపు: 86, 30
- ముందు పట్టీ: 86, 12
- లోపలి చేతులు రెండు: ఒక్కోటి 34, 28
- బయటి చేతులు రెండు: ఒక్కోటి 36, 18
- చేతుల ముందు ముక్కలు రెండు: ఒక్కోటి 8, 20

తాను అంచులు పోగా 54 పన్నాలో 53 అంగుళాలు వాడుకోవచ్చు. ఈ పట్టీలో నాలుగు ముక్కలు 53 కన్నా వెడల్పైనవి. బట్టను మామూలుగా, అంటే తాను పొడవు సోఫాకు పైనుంచి కిందికి వచ్చేలా వేస్తే ఆ నాలుగింటికీ అతుకు తప్పదు. సీటు మధ్యలో ఒక్క అతుకు వస్తే కూర్చున్నవారికి తగులుతుంది, చూసేవారి కళ్లకూ అదే ముందు పడుతుంది. అందుకే పద్ధతి తెలిసిన సోఫా మేస్త్రీ నిండు పన్నా ముక్కను మధ్యలో ఉంచి, రెండు పక్కలా సమానమైన చిన్న ముక్కలు అతుకుతాడు. సీటు అతుకులూ వీపు అతుకులూ ఒకే గీతలో కలిసేలా చూస్తాడు. అలా ముక్కకు రెండు చొప్పున మొత్తం ఎనిమిది అతుకులు. పక్క ముక్కలను ఒకదాని పక్కన ఒకటి తెలివిగా సర్దితే ఈ సోఫాకు 264 అంగుళాలు, 6.7 మీటర్లు పడుతుంది.

ఇప్పుడు బట్టను అడ్డంగా తిప్పుదాం. తాను పొడవు సోఫా వెడల్పు వెంట పరుచుకుంటుంది. ముక్కల వెడల్పుకు ఇక హద్దు లేదు, వాటి ఎత్తు 53 లోపు ఉంటే చాలు. మన పట్టీలో అన్నిటికన్నా ఎత్తైనది 34 అంగుళాలే. కాబట్టి ఒక్క అతుకూ అక్కర్లేదు. సర్దడం ఇలా:

మొదటి వరసలో బయటి వీపు 30, దాని కింద ముందు పట్టీ 12. ఈ వరస పొడవు 86. రెండో వరసలో లోపలి వీపు 32, దాని కింద మిగిలిన చోటులో చేతుల ముందు ముక్కలు రెండూ. పొడవు 74. మూడో వరసలో సీటు 34, దాని కింద బయటి చేతులు రెండూ పక్కపక్కన. పొడవు 74. నాలుగో వరసలో లోపలి చేతులు రెండు. పొడవు 68. మొత్తం 302 అంగుళాలు, అంటే 7.67 మీటర్లు. నాలుగో వరస కింద మిగిలే పట్టీ పైపింగుకూ చిన్న దిండుకూ సరిపోతుంది.

రెండు లెక్కలూ పక్కన పెట్టి చూస్తే ఈ సోఫాకు అడ్డంగా వేయడం వల్ల బట్ట తగ్గలేదు, దాదాపు ఒక మీటరు పెరిగింది. ఆ ఒక్క మీటరు ఖరీదుకు ఎనిమిది అతుకులు పోయాయి. ఎనిమిది అతుకులు కుట్టి, గీత కలిపే పని కూడా మేస్త్రీకి తప్పింది. రోజూ పదిమంది కూర్చునే సోఫాలో మొదట విడిచేది అతుకే కాబట్టి, ఆ మీటరు పెట్టడం మంచి బేరమే.

సీటు మూడు విడి కుషన్లుగా ఉంటే మాత్రం ఈ సమస్య సగం ఉండదు. ఒక్కో కుషన్ 22 అంగుళాలు, కుట్టు కలిపి 24. పన్నాలో రెండు పక్కపక్కన పడతాయి, బట్టను మామూలుగానే వేయొచ్చు. కుషన్ల మధ్య గీతలు వాటి కుట్లలోనే కలిసిపోతాయి.

తిప్పకూడని బట్టలు

అడ్డంగా తిప్పడం అన్ని బట్టలకూ కుదరదు. పైకి ఎదిగే తీగలు, నిలబడిన నెమళ్లు ఉన్న బట్టను తిప్పితే అవి పడుకుంటాయి. నిలువు చారలు అడ్డ చారలవుతాయి. వెల్వెట్‌కు నూగు ఉంటుంది. ఒక వైపు నిమిరితే నున్నగా, లేత రంగులో, ఎదురు నిమిరితే గరుకుగా, ముదురుగా కనబడుతుంది. నూగు పైనుంచి కిందికి వాలేలా వేయాలి. పక్కకు వాలేలా వేస్తే కూర్చున్న చోటల్లా మరకల్లాంటి నీడలు పడతాయి. ఏ ఒక్క ముక్కనైనా తలకిందులుగా కోస్తే ఆ ముక్క వేరే రంగు బట్టలా కనిపిస్తుంది. వెల్వెట్ ముక్కలను సందుల్లో తిప్పి సర్దడానికి లేదు కాబట్టి బట్ట కూడా కాస్త ఎక్కువ పడుతుంది.

కొన్ని సోఫా బట్టలను అడ్డంగా వేయడానికనే నేస్తారు. తెలుసుకోవడం సులువు. దుకాణంలో ఒక మీటరు విప్పించి, తాను అంచులు ఎడమా కుడీ నిలువుగా ఉండేలా పట్టుకోమనండి. డిజైన్ నిలబడి కనిపిస్తే మామూలు బట్ట. పడుకుని కనిపిస్తే అడ్డంగా వేసే బట్ట. దానితో నిలువు కర్టెన్ కుట్టిస్తే డిజైన్ పక్కకు వాలిపోతుంది.

కాటన్ విషయంలో ఇంకొకటి. ఉతికితే 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకోవచ్చు. 90 అంగుళాల కర్టెన్ మొదటి ఉతుకులో నాలుగున్నర అంగుళాలు పైకి లేచిపోవచ్చు. కోయకముందే ఉతికించాలనుకుంటే ఆ మేరకు ఎక్కువ కొనాలి. ఉతికాక రిపీట్ కూడా కుంచించుకుంటుంది కాబట్టి దాన్ని మళ్లీ కొలిచాకే కత్తెర పట్టాలి.

కొనబోయే ముందు

లెక్క మీద నమ్మకం కుదరాలంటే గళ్ల నోటు పుస్తకం చాలు. ఒక గడి రెండంగుళాలనుకుంటే 54 పన్నా 27 గళ్ల వెడల్పు పట్టీ అవుతుంది. ముక్కలన్నిటినీ అదే కొలతలో కాగితం మీద కత్తిరించి, ఒక్కోదాని మీద పేరు, పై వైపు చూపే బాణం గుర్తు రాయండి. వాటిని ఆ పట్టీ మీద జరుపుతూ ఎక్కడ తక్కువ పొడవులో సర్దుకుంటాయో చూడండి. బాణాలన్నీ ఒకే వైపు ఉండాలన్న ఒక్క నియమం తప్పకండి. ఈ లెక్కను మేస్త్రీకి చూపించి, ఆయన లాగి కొట్టడానికి ఎంత వదలమంటారో అడిగి కొలతలు సరిచేసుకోండి. చేతివాటం మనిషికో రకంగా ఉంటుంది.

వచ్చిన పొడవుకు సోఫాకైతే పదో వంతు దాకా కలుపుకోండి. మన సోఫాకు 7.67 అంటే ఎనిమిదిన్నర మీటర్లు. దుకాణంలో ధర అడగక ముందే పన్నా ఎంతో, రిపీట్ ఎంతో అడగండి. రెంటినీ టేపు పెట్టి కొలిచి చూసుకోండి. కావలసిన బట్టంతా ఒకే తానులోంచి కోయించండి, మధ్యలో ముక్కగా తెగి ఉందేమో విప్పి చూడమనండి. అద్దకం ఒక విడతకూ ఇంకో విడతకూ కాస్త మారుతుంది. తర్వాత వెళ్లి కొన్న అర మీటరు అదే పేరు, అదే నంబరు బట్టయినా పక్కన పెడితే రంగు తేడా తెలిసిపోతుంది. కాస్త మిగిలితే దిండు గలీబు అవుతుంది, చాలకపోతే ఒక్కోసారి మొత్తం బట్ట మళ్లీ కొనాల్సి వస్తుంది.